ఫ్రీలాన్స్ ప్రాజెక్ట్ అయ్యాక కోడ్ ఎలా అప్పజెప్పాలి, ఏఎంసీలో ఏం రాసుకోవాలి?

ప్రశ్న: ఒక షాపుకి ఆర్డర్ల యాప్ చేశాను, పని అయిపోయింది, ఇంకా 30 శాతం బ్యాలెన్స్ రావాలి. ఓనర్ "కోడు, పాస్‌వర్డులు అన్నీ పంపేయ్" అంటున్నాడు. జిప్ చేసి డ్రైవ్‌లో పెడితే సరిపోతుందా? తర్వాత ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, అంటే ఏఎంసీ, అడిగితే ఏం రాసుకోవాలి?

జవాబు:

జిప్ మాత్రం పంపకండి. అందులో కోడ్ ఉంటది కానీ ఏ మార్పు ఎందుకు చేశారో ఆ హిస్టరీ ఉండదు, రేపు ఇంకో డెవలపర్ వస్తే వాడికి చాలా కష్టం. నేను బేగంబజార్‌లో ఒక డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ షాపుకి ఇలాంటిదే చేశాను (జాంగో, పోస్ట్‌గ్రెస్, పేమెంట్లకి రేజర్‌పే), చిల్లర షాపులవాళ్ళు ఫోన్లోంచి ఆర్డర్ పెడతారు, బిల్లు పీడీఎఫ్ వస్తది. ఆ ప్రాజెక్ట్ ఎట్లా అప్పజెప్పానో చెప్తా.

ముందు గిట్‌హబ్‌లో షాపు పేరుతో ఒక ఆర్గనైజేషన్ ఓపెన్ చేయించాను, ఫ్రీ ప్లాన్ చాలు. ఈమెయిల్ మాత్రం షాపుది పెట్టించండి, ఓనర్ గారి అబ్బాయి పర్సనల్ మెయిల్ కాదు. ఆ అబ్బాయి రేపు చదువుకోడానికి వేరే దేశం పోతే పాస్‌వర్డ్ అతనితోనే పోతది. ఓనర్లుగా ఇద్దరిని పెట్టాలి, ఒక్కరి ఫోన్ పోయినా రెండోవాళ్ళు లోపలికి వెళ్ళగలగాలి.

రిపో ఇచ్చే ముందు ఇది ఒకసారి రన్ చేయండి:

```
git log --all --oneline -- .env
```

ఏమీ రాకపోతే మంచిదే. ఒక్క లైన్ వచ్చినా సరే, `.env` ఫైల్ ఎప్పుడో ఒకప్పుడు కమిట్ అయిందని అర్థం, తర్వాత డిలీట్ చేసినా హిస్టరీలో అట్లనే ఉంటది. అప్పుడు అందులోని కీలన్నీ మార్చేయాల్సిందే. అసలు నేనైతే కమిట్ అయినా కాకపోయినా అప్పజెప్పే రోజు అన్నీ మార్పిస్తాను, ఎందుకంటే పాత కీలు నా లాప్‌టాప్‌లో ఉన్నంతకాలం ఏ తేడా వచ్చినా చూపు నామీదకే వస్తది. రేజర్‌పే లైవ్ కీ ఓనర్ తన లాగిన్‌లోంచే కొత్తది తీయాలి, సీక్రెట్ ఆ ఒక్కసారే కనిపిస్తది కాబట్టి పక్కన కూర్చుని సర్వర్‌లో పెట్టించండి, వెంటనే ఒక చిన్న పేమెంట్ చేసి చూడండి.

తర్వాత రిపో Settings లో అడుగున Danger Zone దగ్గర Transfer ownership ఉంటది. ఆ ఆర్గనైజేషన్‌లో రిపో క్రియేట్ చేసే పర్మిషన్ మీకు ఉంటేనే అవుతది, అందుకే ముందు మిమ్మల్ని మెంబర్‌గా యాడ్ చేయించుకోండి. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, వెబ్‌హుక్‌లు, డిప్లాయ్ కీలు అన్నీ రిపోతో పాటే వెళ్తాయి, కాబట్టి మీ పాత టెస్ట్ సర్వర్ కీ ఏదైనా ఉంటే ముందే తీసేయాలి. పాత లింక్ కొత్తదానికి తిప్పుతది, కానీ మీ అకౌంట్‌లో అదే పేరుతో మళ్ళీ రిపో పెడితే ఆ తిప్పుడు ఆగిపోతది.

బ్యాలెన్స్ సంగతి: పేమెంట్ పడేదాకా సైట్ మీ టెస్ట్ సర్వర్‌లో వాడి చూసుకోమనండి, డబ్బు పడ్డ రోజే ట్రాన్స్‌ఫర్. ఇది కాగితంలో ముందే ఉంటే గొడవ ఉండదు. ఇంకోటి, చాలామందికి తెలియదు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని ఫ్రీలాన్సర్ రాసిన కోడ్ మీద హక్కు, వేరే రాతకోతలు లేకపోతే, రాసినవాడిదే. క్లయింట్‌కి బదిలీ అవ్వాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, అందులో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే అనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనీ సెక్షన్ 19 చెప్తది. అందుకే నేను "పూర్తి సొమ్ము అందిన రోజు నుంచి, శాశ్వతంగా, అన్ని దేశాలకూ" అని రాస్తాను, ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, నేను ప్రతి ప్రాజెక్ట్‌లో వాడే నా సొంత మాడ్యూల్స్ ఇందులోకి రావని కూడా రాస్తాను.

డాక్యుమెంటేషన్ ఎన్ని పేజీలుండాలి అని అడుగుతారు, పేజీలు కాదు, పరీక్ష కావాలి. ఆ ప్రాజెక్ట్ ఎప్పుడూ చూడని ఒక ఫ్రెండ్‌కి `README.md` మాత్రమే ఇచ్చి ఖాళీ సర్వర్ మీద లేపమన్నాను, నాకు ఫోన్ చేయొద్దు, ఎక్కడ ఆగితే అక్కడ రాసిపెట్టు అన్నాను. బ్యాకప్ కూడా దించమన్నాను:

```
createdb orders_test
pg_restore --no-owner -d orders_test orders.dump
```

అంతా లేచింది, లాగిన్ అయింది, ఆర్డర్ పడింది, కానీ బిల్లు పీడీఎఫ్‌లో "బాదం", "జీడిపప్పు" ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఎర్రర్ లేదు, లాగ్‌లోనూ ఏమీ లేదు. పీడీఎఫ్ చేసే లైబ్రరీ సర్వర్‌లో ఉన్న ఫాంట్లే వాడుకుంటది, కొత్త సర్వర్‌లో తెలుగు ఫాంటే లేదు. `sudo apt install fonts-noto-core` అనే ఒక్క లైన్ రీడ్‌మీలోకి ఎక్కింది. ఇలాంటివి మన మెషిన్ మీద ఎన్నిసార్లు చూసినా బయటపడవు.

ఇక ఏఎంసీ. మొత్తం తగాదా "ఇది బగ్గా, కొత్త పనా" అన్న దగ్గరే వస్తది. నేను రెండు కాదు, మూడు రకాలు రాస్తాను. ఒప్పుకున్న పని సరిగ్గా చేయకపోతే బగ్, అప్పజెప్పాక 30 రోజులు ఫ్రీ. కొత్తగా అడిగితే వేరే కొటేషన్. మూడోది బయటి మార్పులు, అంటే మీరూ తప్పు చేయలేదు, క్లయింటూ కొత్తది అడగలేదు, కానీ ప్రపంచం మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బాదం, పిస్తా మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వినడానికి ఒక నంబర్ మార్చడమే, కానీ అంతకుముందు ఆగస్టులో ఇచ్చిన బిల్లు ఇప్పుడు మళ్ళీ ప్రింట్ తీసినా 12 శాతంతోనే రావాలి, అంటే రేటు బిల్లులోని ప్రతి లైన్‌లో సేవ్ అయి ఉండాలి, ఐటెమ్ దగ్గర రేటుకి "ఏ తేదీ నుంచి" అన్న కాలమ్ ఉండాలి. ఈ పని ఎవరి ఖర్చు అని కాగితంలో లేకపోతే దీపావళి సీజన్ ముందు, షాపులో నిలబడి బేరం ఆడుకోవాలి.

లెక్క ఉదాహరణకి ఇట్లా పెట్టుకోండి: ప్రాజెక్ట్ 2 లక్షలైతే ఏడాదికి 15 శాతం అంటే 30 వేలు, మూడు నెలలకోసారి 7,500 అడ్వాన్స్, అందులో 10 గంటల పని, బయటి మార్పులు ఈ గంటల్లోంచే, మిగిలిన గంటలు తర్వాతి క్వార్టర్‌కి రావు, దాటితే గంటకి ఇంత. సర్వర్, డొమైన్, ఎస్ఎంఎస్ బిల్లులు క్లయింట్ కార్డు మీదే. "ఆర్డర్లు ఆగిపోతే 4 గంటల్లో స్పందిస్తాం" అని రాయండి, "బాగుచేస్తాం" అని రాయకండి, తప్పు పేమెంట్ గేట్‌వే వైపు ఉంటే మన చేతిలో ఏముంటది? వేరేవాళ్ళు కోడ్ మార్చి పాడైతే ఆ పని గంటల లెక్కన అని కూడా ఒక లైన్. ఆపేయాలంటే ఎవరైనా 30 రోజుల ముందు చెప్పాలి.

ఏఎంసీ తీసుకుంటే రిపోలో మీకు Write యాక్సెస్ చాలు, ఓనర్‌గా ఉండకండి. తీసుకోకపోతే రిపో, సర్వర్, డేటాబేస్, రేజర్‌పే డాష్‌బోర్డ్ అన్నింట్లోంచి మిమ్మల్ని తీసేయించుకుని, ఏ తేదీన ఏది ఇచ్చారో, దేంట్లోంచి బయటికొచ్చారో ఒక మెయిల్‌లో రాసి పంపండి, "అందింది" అని షాపు మెయిల్ నుంచి రిప్లై వచ్చాక మీ దగ్గరున్న కస్టమర్ల డేటా కాపీ కూడా డిలీట్ చేసేయండి.