‘గుర్తు చేస్తున్నాను’ అనవచ్చునా?

సందేహం: పైచదువు కోసం, నేను ఇంటర్న్‌గా పనిచేసిన సంస్థలోని మేనేజరు గారికి తెలుగులో ఉత్తరం రాశాను. ‘మనం కలిసి చేసిన ప్రాజెక్టులను మీకు గుర్తు చేస్తున్నాను. సిఫారసు లేఖ ఇవ్వగలరు’ అన్న వాక్యాలు చూసి, పెద్దవారికి గుర్తు చేయడం అమర్యాద అన్నారు మా నాన్నగారు. నిజమేనా?

సమాధానం: ఆ మాటలో అమర్యాద లేదు. గుర్తుకు పాత రూపం ‘గుఱుతు’. అది ‘గుఱి’కి దగ్గరి చుట్టం; తమిళుల ‘కుఱి’, కన్నడిగుల ‘గురుతు’ కూడా ఆ కుదురులోనివే. చిహ్నం, ఆనవాలు అన్నవి దాని తొలి అర్థాలు. జ్ఞాపకమన్న అర్థం తరువాతిది. కాబట్టి గుర్తు చేయడమంటే ఎదుటివారు పోల్చుకోవడానికి ఒక ఆనవాలు చూపడం. చిక్కల్లా ఏ ఆనవాలు చూపుతున్నామన్న దగ్గరే వస్తుంది.

ఆదిపర్వంలో ద్రోణుడు పేదరికంతో ద్రుపదుడి దగ్గరకు వెళ్లి, చిన్ననాటి చెలిమినీ కలిసి చదువుకున్న సంగతినీ గుర్తు చేస్తాడు. దానికి ద్రుపదుడిచ్చిన జవాబును నన్నయ ‘ధనపతితో దరిద్రునకు’ అని ఎత్తుకొని చంపకమాలగా నడిపాడు. తత్త్వవేత్తకూ మూర్ఖుడికీ, శాంతుడికీ క్రూరుడికీ, శూరుడికీ పిరికివాడికీ అంటూ జంటలు పేర్చుకుంటూ పోయి, వీరి మధ్య సఖ్యం ఎలా కుదురుతుందని చివర విసిరే ఆ ప్రశ్నలోని పొగరును వచనంలో చెప్పడం నా వల్ల కాదు. తప్పు ద్రుపదుడిదే, సందేహం లేదు. అయినా ద్రోణుడు చూపిన ఆనవాలు సంబంధం. సంబంధాన్ని ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది ఎదుటివారి చేతిలో ఉంటుంది. చేసిన పనిని కాదనడం అంత సులభం కాదు.

మీ ‘కలిసి చేసిన ప్రాజెక్టులు’ కూడా సంబంధాన్నే చెబుతున్నది. ఏటా ఎందరో ఇంటర్న్‌లను చూసే మేనేజరుకు దానివల్ల ఏమీ తోచదు. ‘నిరుడు మే నుంచి జూలై వరకు మీ పర్యవేక్షణలో, బిల్లింగ్ ప్రాజెక్టులో రెండుసార్లు నమోదైన రసీదులను వేరుచేసే పని చేశాను, దాని నివేదికను మీరే దిద్ది ఇచ్చారు’ అన్నట్లుగా రాస్తే, ‘గుర్తు చేస్తున్నాను’ అనకుండానే గుర్తు చేసినట్లవుతుంది, ఆయన లేఖలో రాయడానికి సరుకూ దొరుకుతుంది. ‘మనం’ వ్యాకరణానికి సరిపోయినా, అడిగేవారి నోట కొంచెం చనువుగా వినిపిస్తుంది. ‘మేము’ అంటే మేనేజరు బయట ఉండిపోతారు. ‘మీ పర్యవేక్షణలో’ అంటే ఈ రెండు తంటాలూ ఉండవు.

నన్ను నొప్పించినది ‘ఇవ్వగలరు’. ‘హాజరు కాగలరు’, ‘గమనించగలరు’ అని ఆఫీసు కాగితాలు అంటించిన జబ్బిది. ‘ఇవ్వగలరు’ అంటే ఇచ్చే శక్తి మీకున్నదని ఆయనకే చెప్పడం. అందులో కోరిక లేదు. ‘ఇవ్వవలసిందిగా కోరుతున్నాను’ తప్పు కాదు కాని, అది దరఖాస్తు భాష. ‘నా పని గురించి నాలుగు మంచి మాటలు రాయగలరేమో తెలుపవలసిందిగా కోరుతున్నాను, గడువు ఫలానా తేదీ’ అంటే, కాదనే వీలు ఆయనకు మిగులుతుంది. మనసులేని సిఫారసు కంటే ఆ తిరస్కారమే మీకు మేలు.

ఇక ‘సిఫారసు’ ఫారసీ మాట. పలుకుబడితో పని జరిపించుకోవడమన్న వాసన దానికి అంటుకున్నది. కొందరు ‘యోగ్యతాపత్రం’ అంటారు కాని, అది పట్టాకూ చెల్లుతుంది. ప్రస్తుతానికి సిఫారసునే ఉంచండి.