గడ్డం ఎలా ఉంటుందో చూడ్డానికి గ్యాలరీ మొత్తం ఎందుకు?

ప్రశ్న: నాకు రెండున్నర నెలల్లో పెళ్లి. గడ్డం పెంచాలా, మీసం ఒక్కటే ఉంచాలా తేల్చుకోలేకపోతున్నాను. ముఖం మీద గడ్డం పెట్టి చూపించే యాప్ ఒకటి వేసుకున్నాను. సెల్ఫీ తీస్తే బాగానే చూపిస్తోంది. పాత ఫొటో పెడదామంటే మాత్రం ఫోన్‌లోని ఫొటోలన్నిటికీ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా? ఇంతకన్నా మంచి యాప్ ఉందా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

ఇవ్వొద్దు. పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. చాలామంది పర్మిషన్ ఇచ్చేశాక అడుగుతారు. మీరు ముందే అడిగారు, నయం.

మీ గ్యాలరీ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. ఆధార్ రెండు వైపులా ఉంటుంది. పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఎవరికో పంపడానికి తీసిన స్క్రీన్‌షాట్లు ఉంటాయి. మర్చిపోతామని ఫొటో తీసి పెట్టుకున్న పాస్‌వర్డ్ కాగితం కూడా ఉండొచ్చు. మనవాళ్లకు గ్యాలరీ అంటే బీరువా. ఫొటోల్లోని అక్షరాలను చదవడం యాప్‌లకు ఇప్పుడు కష్టమేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్ గురించి బయటపెట్టారు. గ్యాలరీకి పర్మిషన్ దొరకగానే అది ఫొటోల్లోని అక్షరాలను చదివి, క్రిప్టో వాలెట్లను తెరవడానికి పనికొచ్చే రికవరీ పదాలున్న స్క్రీన్‌షాట్లను ఏరి బయటికి పంపేది. అది ఉన్న యాప్‌లు గూగుల్ ప్లేలోనూ, ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ దొరికాయి. మీ యాప్ అలాంటిదని నేననడం లేదు. కాదని మీరెలా చెప్పగలరు? అదీ నా టెన్షన్.

పైగా ఆ పర్మిషన్ అవసరమే లేదు. ఒక్క ఫొటో ఎంచుకుని యాప్‌కు అందించే పద్ధతి ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని వాడుకునే యాప్ గ్యాలరీ మొత్తం అడగనక్కర్లేదు. అయినా అడుగుతోందంటే తయారుచేసినవాళ్లకు బద్ధకమైనా అయ్యుండాలి, మీ ఫొటోల మీద కన్నైనా పడి ఉండాలి. రెండిట్లో ఏదైనా సరే, తీసేయడానికి ఆ కారణం చాలు. ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఆండ్రాయిడ్‌లో Settings > Apps లోకి వెళ్లి, ఆ యాప్‌ను తెరిచి, Permissions కింద Photos and videos ను Don't allow కు మార్చండి. మూడు రోజులు ఉచితమని చెప్పి వారం వారం డబ్బు లాగే రకమైతే, యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు. ముందు ప్లే స్టోర్‌లోని Subscriptions లోకి వెళ్లి రద్దు చేసి, తర్వాత తీసేయండి.

ఇక 'బాగానే చూపిస్తోంది' అన్నారు. అక్కడే నాకు పేచీ ఉంది. ఇలాంటి ఫిల్టర్లు చాలావరకు మీ కళ్లు, ముక్కు, పెదవులు, దవడ అంచు ఎక్కడున్నాయో గుర్తుపట్టి, ముందే గీసి పెట్టుకున్న గడ్డాన్ని ఆ కొలతకు సాగదీసి అతికిస్తాయి. మీకు బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయా, మీసానికీ గడ్డానికీ మధ్య ఖాళీ ఉందా అన్నది వాటికి తెలియదు. అందరికీ ఒకే ఒత్తు గడ్డం. దానికి తోడు కొన్ని యాప్‌లు అడక్కుండానే చర్మం నునుపు చేసి, దవడను కాస్త సన్నగా చెక్కుతాయి. అప్పుడు మీకు నచ్చింది గడ్డమా, కొత్త దవడా? అసలు ఫొటోనూ ఫిల్టర్ ఫొటోనూ ఒకదాని తర్వాత ఒకటి చకచకా మార్చి చూడండి. చెవులు, కళ్లు, ముఖం అంచు ఇసుమంత కదిలినా ఆ బొమ్మను నమ్మొద్దు.

సెల్ఫీ కూడా అబద్ధమే చెబుతుంది. చెయ్యి చాచి దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. అలాంటి ముఖం మీద మీసం వెడల్పు తేల్చుకోలేం.

అందుకే వేరే యాప్ పేరు చెప్పను. నాలుగైదు రోజులు గడ్డం గీసుకోవడం ఆపండి. మీ వెంట్రుకలు ఎక్కడ వస్తాయి, ఎక్కడ రావు అన్న పటం అప్పటికి ముఖం మీదే ఉంటుంది. కిటికీ పక్కన నిలబడి, ఐదడుగుల దూరం నుంచి, మీ కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి, వెనక కెమెరాతో ఇంట్లోవాళ్ల చేత ఫొటో తీయించుకోండి. తీసేముందు బ్యూటీ మోడ్ ఆపాలి. కొన్ని ఫోన్లలో అది కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. మొటిమతో పాటు నాలుగు రోజుల గడ్డాన్ని కూడా తుడిచేస్తుంది. మగవాడి ముఖం మీద గడ్డాన్ని మచ్చ అనుకునే కెమెరాను ఏ బుద్ధిమంతుడు డిజైన్ చేశాడో గానీ, ఆ సెట్టింగ్ కెమెరాలో ఏ మూల దాక్కుందో వెతుక్కునే పని మాత్రం మనకే పెట్టాడు.

ఆ ఫొటోను కంప్యూటర్‌లో జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. దీన్ని ఒకసారి వేసుకున్నాక ఇంటర్నెట్ తీసేసినా పనిచేస్తుంది, మీ ముఖం ఎవరి సర్వర్‌కూ పోదు. Layer > New Layer తో ఖాళీ లేయర్లు, అంటే ఫొటో మీద పరిచే పారదర్శకమైన పొరలు, మూడు పెట్టుకోండి. ఒకటి మీసానికి, ఒకటి గడ్డం కింది భాగానికి, ఒకటి బుగ్గలకు. మూడిటికీ Mode దగ్గర Multiply ఎంచుకోండి. అప్పుడు మీరు గీసిన రంగు కింది చర్మాన్ని కప్పేయకుండా దాన్ని ముదురు చేస్తుంది. నల్ల రంగు మాత్రం వద్దు, నాటకం వేషంలా ఉంటుంది. Color Picker తో మీ కనుబొమల రంగే తీసుకోండి. ముఖం ఆరేడు వందల పిక్సెళ్ల వెడల్పున ఉంటే బ్రష్ సైజు రెండు మూడు చాలు. వెంట్రుక పెరిగే దిక్కునే చిన్న చిన్న గీతలు గీయండి. మీసంలో ముక్కు కింది నుంచి పక్కలకు, బుగ్గల మీద కిందికి. ఫొటోలో చుక్కలు కనిపించిన చోటే గీయాలి, ఖాళీ చోట్లు ఖాళీగానే వదలాలి. ఆశ కొద్దీ అక్కడ కూడా గీస్తే ఆ ఫిల్టర్ చేసిన పనే మీరూ చేసినట్టు. చివర్లో లేయర్ Opacity ని 60, 70 మధ్యకు తగ్గిస్తే సహజంగా కలుస్తుంది.

ఇప్పుడు లేయర్ల పక్కనున్న కన్ను గుర్తును నొక్కుతూ పోండి. మీసం ఒక్కటే ఉంచితే ఒక రూపం, కింది భాగం కలిపితే ఫ్రెంచ్ గడ్డం, మూడూ కలిపితే నిండు గడ్డం. ముఖం ఒకటే, వెలుతురు ఒకటే కాబట్టి పోలిక నిజాయతీగా ఉంటుంది. బుగ్గల లేయర్ వేసినప్పుడు అక్కడక్కడా ఖాళీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే, దాన్ని ఆపేసి మిగతా రెండిటితో సరిపెట్టుకోండి.

గడ్డం నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మీ రెండున్నర నెలలకు రెండున్నర సెంటీమీటర్లు అనుకోండి, ఇంకాస్త పొడుగు గీసుకుని మురిసిపోవద్దు. నిండు గడ్డమే అనుకుంటే పక్క నుంచి కూడా ఒక ఫొటో తీసి, మెడ మీద గీత ఎక్కడ ఆపాలో గీసుకోండి. మామూలుగా గొంతు ముడికి రెండు వేళ్లు పైన. సెలూన్‌లో ట్రిమ్మర్ పట్టుకున్నాయనకు ఫోన్‌లో సినిమా హీరో బొమ్మకు బదులు ఆ రెండు ఫొటోల ప్రింట్లు ఇవ్వండి.