చివరి గురువారం సెలవైతే ఎక్స్‌పైరీకి రోజులు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: సెన్సెక్స్ డిసెంబర్ ఫ్యూచర్స్ ఒక లాట్ నా దగ్గర ఉంది. ప్రతి నెలా చివరి గురువారం ఎక్స్‌పైరీ కదా, నేను తయారు చేసుకున్న షీట్‌లో 25వ తేదీ వస్తోంది. యాప్‌లో మాత్రం 24 అని ఉంది. ఏది నమ్మాలి? పైగా పోయిన నెల రోలోవర్‌కి 410 పాయింట్లు తేడా ఉంటే, ఈసారి జనవరి కాంట్రాక్టుకి 545 చూపిస్తోంది. ఎక్కువ లాగుతున్నారా? ఈ రోజు 22వ తేదీ, సోమవారం. టెన్షన్‌గా ఉంది.

జవాబు: యాప్‌లో ఉన్నదే సరైనది. 2025 డిసెంబర్‌లో చివరి గురువారం 25వ తేదీనే వచ్చింది. కానీ అది క్రిస్మస్, మార్కెట్‌కి సెలవు. చివరి గురువారం సెలవైతే ఎక్స్‌పైరీ దాని ముందున్న ట్రేడింగ్ రోజుకి జరుగుతుంది, తర్వాతి రోజుకి కాదు. కాబట్టి మీ కాంట్రాక్టు బుధవారం, 24తో ముగుస్తుంది. మీ చేతిలో ఉన్నవి మూడు రోజులు కావు, రెండే.

ఒక్క రోజు తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. నెల మొదట్లో నిజంగానే పెద్దగా ఏమీ కాదు. ఇప్పుడు అవుతుంది. లెక్క కోసం సెన్సెక్స్ 85,000 దగ్గర ఉందని, డిసెంబర్ ఫ్యూచర్ దానికంటే 45 పాయింట్లు ఎక్కువలో నడుస్తోందని అనుకుందాం. మూడు రోజులు మిగిలాయనుకుని చూస్తే ఆ 45 పాయింట్లు ఏడాదికి సుమారు 6.4 శాతం వడ్డీతో సమానం. మామూలు రేటే కదా అనిపిస్తుంది. అసలున్నవి రెండు రోజులే కాబట్టి అదే 45 పాయింట్లు ఏడాదికి సుమారు 9.7 శాతం అవుతాయి. అంటే ఫ్యూచర్ కాస్త ఖరీదుగా నడుస్తున్నా మీ షీట్ దాన్ని సరైన ధరగానే చూపిస్తుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడే కొద్దీ భాగించే సంఖ్య, అంటే మిగిలిన రోజులు, చిన్నదవుతుంది, అందుకే ఒక్క రోజు పొరపాటు ఇంత పెద్దగా కనిపిస్తుంది. ఎక్స్‌పైరీ రోజున ఆ సంఖ్య సున్నా. ఆ రోజు మీ షీట్‌లో #DIV/0! వస్తే కంగారు పడకండి, అది సహజమే.

ఇక మీ రెండో అనుమానం. నాకు ఇదే ముఖ్యమైన ప్రశ్న అనిపించింది, ఎందుకంటే చాలామంది ఈ తేడాని బ్రోకర్ తీసుకునే ఛార్జీ అనుకుంటారు. అది ఛార్జీ కాదు. ఒక కాంట్రాక్టు ఎక్స్‌పైరీ నుంచి తర్వాతి కాంట్రాక్టు ఎక్స్‌పైరీ దాకా ఉన్న రోజులకి వడ్డీ. ఆ మధ్యలో కంపెనీలు ఇచ్చే డివిడెండ్లు ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. పోయిన నెల మీరు నవంబర్ 27 నుంచి డిసెంబర్ 24కి మారారు. అది 27 రోజులు. ఇప్పుడు డిసెంబర్ 24 నుంచి జనవరి 29కి మారుతున్నారు. అది 36 రోజులు.

ఇప్పుడు భాగించి చూడండి. 410ని 27తో భాగిస్తే రోజుకి 15.2 పాయింట్లు. 545ని 36తో భాగిస్తే 15.1. రెండూ దాదాపు ఒకటే. 85,000 మీద ఏడాదికి 6.5 శాతం వడ్డీ అనుకున్నా రోజుకి 15 పాయింట్ల పైచిలుకే వస్తుంది. మిమ్మల్ని ఎవరూ ఎక్కువ లాగలేదు. మామూలుగా రెండు చివరి గురువారాల మధ్య 28 రోజులో 35 రోజులో ఉంటాయి. ఈసారి క్రిస్మస్ వల్ల ఒక నెలలో ఒక రోజు తగ్గి, పక్క నెలలో ఒక రోజు పెరిగింది. జనవరి 29 నుంచి ఫిబ్రవరి 26కి 28 రోజులే కాబట్టి వచ్చే నెల రోలోవర్ తేడా మళ్లీ తగ్గి కనిపిస్తుంది. అప్పుడు చవకగా దొరికిందని కూడా అనుకోవద్దు. రోజుకి ఎంత పడుతోందో చూశాకే చవకా ఖరీదా అన్నది తేల్చండి.

షీట్‌ని ఇలా సరిచేసుకోండి. A1లో కాంట్రాక్టు నెల మొదటి తేదీ (ఇక్కడ 2025 డిసెంబర్ 1), B1లో ఈ రోజు తేదీ, F2 నుంచి F20 దాకా మార్కెట్ సెలవులు రాయండి.

```
C1: =EOMONTH(A1,0)-MOD(WEEKDAY(EOMONTH(A1,0))-5,7)
D1: =WORKDAY(C1+1,-1,$F$2:$F$20)
E1: =D1-B1
```

C1లో చివరి గురువారం వస్తుంది. D1 అది సెలవేమో చూసి, అయితే ముందు ట్రేడింగ్ రోజుకి జరుపుతుంది. E1లో మిగిలిన రోజులు. A1లో ఈ రోజు తేదీ కాకుండా కాంట్రాక్టు నెలనే పెట్టమనడానికి కారణం ఉంది. ఈ రోజు తేదీ పెడితే నెలాఖరులో ఎక్స్‌పైరీ దాటాక కూడా షీట్ పాత నెలనే పట్టుకుని కూర్చుంటుంది, మిగిలిన రోజులు మైనస్‌లో వస్తాయి. వడ్డీ లెక్కకి శని, ఆదివారాలతో సహా క్యాలెండర్ రోజులే తీసుకోవాలి, E1 ఇచ్చేది అవే.

సెలవుల జాబితా ఏడాదికి ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. 2024లో మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల కోసం నవంబర్ 20ని సెలవుగా కొద్ది రోజుల ముందే ప్రకటించారు. ఎక్స్‌చేంజ్ సర్క్యులర్ వచ్చినప్పుడల్లా F కాలమ్‌ని కూడా మార్చండి.

ఈ షీట్‌ని ఉన్నదున్నట్టుగా నిఫ్టీకి వాడొద్దు. ఒకప్పుడు నిఫ్టీ నెలవారీ ఎక్స్‌పైరీ చివరి గురువారమే ఉండేది, ఇంటర్నెట్‌లో దొరికే పాత షీట్లన్నీ అలాగే ఉంటాయి. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఎన్‌ఎస్‌ఈ మంగళవారానికి, బీఎస్‌ఈ గురువారానికి మారాయి. అందుకే ఈ నెల నిఫ్టీ ఫ్యూచర్ 30న ముగుస్తుంది, మీ సెన్సెక్స్‌ది 24నే. నిఫ్టీ కావాలంటే పై ఫార్ములాలో 5 బదులు 3 పెట్టండి.

ఇప్పుడు మీ లాట్ సంగతి. ఏమీ చేయకుండా వదిలేస్తే బుధవారం సెన్సెక్స్ ముగింపు విలువ దగ్గర నగదుతో సెటిల్ అయిపోతుంది, షేర్లు తీసుకోవాల్సిన పని లేదు. కొనసాగించాలనుకుంటే బుధవారం మధ్యాహ్నం దాకా ఆగకుండా రేపే డిసెంబర్‌ది అమ్మి జనవరిది కొనండి. సెన్సెక్స్ ఫ్యూచర్స్‌లో నిఫ్టీ అంత వాల్యూమ్ ఉండదు, అందుకే కొనే ధరకి, అమ్మే ధరకి మధ్య ఎడం ముందు చూసుకోవాలి. ఆ ఎడం 40 పాయింట్లు ఉంటే 20 యూనిట్ల లాట్ మీద 800 రూపాయలు. అది రెండు రోజుల వడ్డీ కంటే ఎక్కువ. మార్కెట్ ఆర్డర్ వేయకుండా లిమిట్ ఆర్డర్ వేయండి. జనవరిలోకి వెళ్తే 36 రోజులు చేతిలో ఉన్నట్టు అనిపించినా, లాభనష్టాలు మాత్రం ఏ రోజుకారోజు ఖాతాలో సర్దేస్తారు. సెన్సెక్స్ ఒక్క శాతం, అంటే 850 పాయింట్లు పడితే 17,000 రూపాయలు కట్టాలి. మార్జిన్ కాకుండా అలాంటి రెండు మూడు రోజులకి సరిపడా డబ్బు ఖాతాలో లేకపోతే రోలోవర్ చేయకుండా బుధవారంతో ముగించేయండి.