వారం వాయిదా, పక్కామె బాకీ: మూఢంలో ఏ అప్పు ఎలా సర్దాలి?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. పూలదండలు కట్టి అమ్ముతాను. ఆరుగురం గ్రూపుగా మైక్రోఫైనాన్స్ కంపెనీలో తలా 40 వేలు తీసుకున్నాం. వారానికి 920 చొప్పున 50 వారాలు. నేను 26 కట్టాను. మాలో ఒకామె ఆరు వారాలుగా రావడం లేదు, ఆమె వంతు కూడా మేమే పంచుకుని కడుతున్నాం. మూఢం కాబట్టి పెళ్లి ఆర్డర్లు లేవు, ఇంటికి నెలకు 14 వేలే వస్తోంది. డ్వాక్రా అప్పుకు నెలకు 1,500 కడుతున్నాను. ఇంకో కంపెనీ 50 వేలు ఇస్తానంటోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇప్పుడు మీరు కట్టేది నెలకు లెక్కేస్తే దాదాపు 4,000, డ్వాక్రాతో 5,500. కొత్త అప్పు ఇదే లెక్కన ఇస్తే ఇంకో 5,000 తోడవుతుంది. పద్నాలుగు వేలల్లో పదిన్నర వేలు వాయిదాలకే పోతే ఇల్లు గడవదు. మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు, ఇంట్లో అందరి అప్పుల వాయిదాలూ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఏజెంటు మీ ఆదాయం ఎక్కువ రాసుకుంటే కాగితం మీద ఆ నియమం నిలబడుతుంది, ఇబ్బంది మాత్రం మీకే. ఫారంలో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టకండి.

అసలు సమస్య వడ్డీ ఒక్కటే కాదు. 40 వేలకు 46 వేలు కడుతున్నారు కదా, నూటికి పదిహేను రూపాయలే అనిపిస్తుంది. కానీ ప్రతి వారం అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి నిజానికి ఏడాదికి దాదాపు 29 శాతం పడుతోంది. మన లెక్కలో నూటికి నెలకు రెండున్నర రూపాయల దగ్గర. దానికన్నా బరువైంది, వారం వారం కట్టాల్సి రావడం. పూల వ్యాపారంలో ముహూర్తాలున్న నెల డబ్బు పొంగుతుంది, మూఢంలో ఎండిపోతుంది. వాయిదాకు మూఢం తెలియదు.

అందుకే ఒక దారి చూడండి. 24 వాయిదాలు మిగిలాయి, అంటే 22,080. ఈరోజే మూసేస్తే కట్టాల్సిన అసలు దాదాపు 20,600 ఉంటుంది. ముందే తీర్చినందుకు మైక్రోఫైనాన్స్ అప్పు మీద జరిమానా వేయకూడదు. కచ్చితమైన మొత్తం బ్రాంచిలో రాయించుకోండి. డ్వాక్రా సంఘం పొదుపు నిధి నుంచి 21 వేలు, నూటికి రూపాయి వడ్డీకి, 12 నెలలకు అడగండి. నెలకు దాదాపు 1,870 అవుతుంది. మొత్తం వడ్డీలో మీకు పెద్ద తేడా ఉండదు, ఆ మాట ముందే చెబుతున్నా. కానీ నెలకు 4,000 పోయే చోట 1,870 పోతుంది, మిగిలింది పూలు కొనడానికి పనికొస్తుంది.

సంఘంలో దీన్ని దాచిపెట్టి అడగొద్దు. అక్కడా బాధ్యత ఉమ్మడిదే. బ్యాంకు అప్పు సంఘం పేరు మీద ఉంటుంది, మీరు ఆగితే మిగతా అక్కచెల్లెళ్లకు వచ్చే బ్యాంకు లింకేజి అప్పు ఆగుతుంది. ఎందుకు అడుగుతున్నారో సమావేశంలో చెప్పి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించండి. నిధి చాలకపోతే సగం అప్పు అక్కడ తీసుకుని, మిగతా సగానికి నెలవారీ వాయిదా పెట్టమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వాయిదా ఎన్నాళ్లకోసారి కట్టాలన్న దాంట్లో వెసులుబాటు ఇచ్చే విధానం కంపెనీకి ఉండాలని ఆ 2022 నియమాల్లోనే ఉంది.

ఇక ఆ రాని ఆమె సంగతి. 920ని ఐదుగురు పంచుకుంటే వారానికి 184, ఆరు వారాలకు మీ వంతు 1,104 అయింది. ఈ డబ్బు ఆమె లోన్ నంబరు మీదే జమైందా? ఆమె లోన్ కార్డులో ఎంట్రీ పడిందా? పడకపోతే మీరు కట్టినట్టు రుజువే ఉండదు. చిత్తూరులో నా దగ్గరకు వచ్చిన ఒకామె ఇలాగే పదకొండు వారాలు పక్కామె వంతు ఇచ్చారు. చేతికిచ్చిన డబ్బుకు రసీదు లేదు, తర్వాత ఆ అప్పు మొత్తం బాకీగానే కనిపించింది. రసీదు లేకుండా ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చిన ప్రతిదీ ఆమె బాకీగా ఒక నోటుబుక్కులో రాసి, మిగతా నలుగురి సంతకాలు తీసుకోండి.

మీ అప్పు తీరిపోతే హామీ కూడా పోయిందనుకోవద్దు. మొదట్లో సంతకం పెట్టిన కాగితంలో పరస్పర హామీ ఎంతవరకో రాసి ఉంటుంది. ఆ కాపీ, అప్పు తీరినట్టు నో డ్యూ సర్టిఫికెట్, రెండూ అడిగి తీసుకోండి.

అందరి డబ్బూ వచ్చేదాకా కదలొద్దని కంపెనీవాళ్లు వాయిదాల మీటింగులో కూర్చోబెడితే, ఉదయం 9కి ముందు గానీ సాయంత్రం 6 తర్వాత గానీ ఫోన్లు చేస్తే, బంధువులను వేధిస్తే తేదీ, సమయం రాసుకుని లోన్ కార్డు మీదున్న ఫిర్యాదు నంబరుకు చెప్పండి. వరసగా రెండుసార్లు మీటింగుకు రాకపోతేనే ఇంటికి రావచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో గానీ, 14448 కి ఫోన్ చేసి గానీ రిజర్వు బ్యాంకుకు చెప్పొచ్చు.

వచ్చే మీటింగుకు ముందే బ్రాంచికి వెళ్లి ఆ ముగింపు మొత్తం, ఆమె కార్డు ఎంట్రీలు రెండూ తెచ్చుకోండమ్మా. అవి చేతిలో ఉంటేనే సంఘంలో ఎంత అడగాలో తేలుతుంది.