ఛాతీ 42 అంగుళాలైతే జర్మనీలో బ్లేజర్ 52 కాదు

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆన్‌లైన్‌లో బట్టలు కొనే ముందు నన్ను తరచుగా ఒకటే అడుగుతారు. "అన్నా, హైదరాబాద్‌లో నేను 42 వేసుకుంటాను. ఇక్కడ ఎంత కొనాలి?" నేను వెంటనే అంకె చెప్పను. ఆ 42 ఏ బట్ట మీద చూశావు, షర్టు మీదా కోటు మీదా అని ముందు అడుగుతాను.

ఎందుకంటే మన దగ్గర రెడీమేడ్ షర్టు మీద ఉండే అంకె అన్ని కంపెనీల్లోనూ ఒకే కొలత కాదు. కొన్నింటిలో అది ఛాతీ అంగుళాలు. కొన్ని ఫార్మల్ షర్టుల్లో అది మెడపట్టీ చుట్టుకొలత, అదీ సెంటీమీటర్లలో. మీ షర్టు ఏ రకమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కాలర్‌ని బల్ల మీద తిన్నగా పరిచి, గుండీ మధ్య నుంచి కాజా దాకా టేపు పెట్టండి. 42 సెంటీమీటర్లు వస్తే ఆ అంకె మెడది. ఇక్కడి జర్మన్ ఫార్మల్ షర్టులు కూడా ఎక్కువగా మెడ కొలతతోనే అమ్ముతారు. సైట్లో `Kragenweite` అని రాసి, కొన్నిచోట్ల 39/40, 41/42 అని రెండేసి అంకెలు చూపిస్తారు. అలాంటప్పుడు మీ అంకె మీకు ఇక్కడా పనికొస్తుంది, షర్టు సంగతి అక్కడితో తేలిపోతుంది.

చిక్కంతా బ్లేజర్, కోటు, సూటు దగ్గర వస్తుంది. జర్మనీలో మగవాళ్ళ కోటు సైజు అంటే ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని అందులో సగం. 100 సెంటీమీటర్ల ఛాతీకి 50. బ్రిటన్, అమెరికా సైట్లలో మాత్రం ఛాతీ అంగుళాలే సైజు. ఈ రెండింటినీ కలపడానికి అందరూ చెప్పే సులువు లెక్క ఒకటుంది. అంగుళాలకు పది కలిపితే జర్మన్ సైజు వస్తుందని. 40 అయితే 50, 42 అయితే 52. నేనూ కొన్నేళ్ళు ఇదే చెప్పాను.

రెండేళ్ళ క్రితం మా పిన్ని కొడుకు ఇక్కడ ఎమ్మెస్ పూర్తి చేసి, ఇంటర్వ్యూ కోసం సూటు కొనుక్కోవాలన్నాడు. టేపుతో కొలిస్తే ఛాతీ సరిగ్గా 42 అంగుళాలు. పది కలిపి 52 ఆర్డర్ పెట్టాడు. వచ్చింది వేసుకుని గుండీ పెడితే, గుండీ చుట్టూ ముడతలు ఇంటూ గుర్తులా నాలుగు వైపులకీ లాగాయి, మెడ దగ్గర కాలర్ వెనక్కి లేచింది. కోటు ముందు భాగంలో బిగుతుగా ఉందనడానికి ఇవి స్పష్టమైన గుర్తులు.

అప్పుడు కూర్చుని లెక్క చూశాం. 42 అంగుళాలంటే 106.7 సెంటీమీటర్లు, అందులో సగం 53 దాటుతుంది. ఇక్కడి మామూలు సైజులన్నీ సరి అంకెలే కాబట్టి అతనికి 54 కావాలి. మరి పది కలిపే లెక్క ఎందుకు తప్పింది? జర్మన్ సైజు ఒక మెట్టు పెరిగితే ఛాతీ 4 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంగుళాల సైజు ఒక మెట్టు పెరిగితే 2 అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్ల పైన. 46 సైజు దగ్గర రెండూ కలిసే ఉంటాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళే కొద్దీ మెట్టుకి సెంటీమీటరుకు పైగా తేడా పేరుకుంటుంది. చిన్న ఛాతీ ఉన్నవాళ్ళకి ఇది తెలియదు, పెద్ద ఛాతీ ఉన్నవాళ్ళు ఇబ్బంది పడతారు.

ఈ పట్టికలో రెండో నిలువు వరుసనీ చివరి నిలువు వరుసనీ పక్కపక్కన పెట్టి చూడండి.

| ఛాతీ, సెం.మీ. | సుమారు అంగుళాలు | జర్మన్ సైజు | పొట్టివాళ్ళ సైజు | కోటు మీద కుట్టే అంగుళాల లేబుల్ |
|---|---|---|---|---|
| 90–93 | 36 | 46 | 23 | 36 |
| 94–97 | 37½ | 48 | 24 | 38 |
| 98–101 | 39 | 50 | 25 | 40 |
| 102–105 | 40½ | 52 | 26 | 42 |
| 106–109 | 42 | 54 | 27 | 44 |
| 110–113 | 44 | 56 | 28 | 46 |

చాలా కంపెనీలు ఒకే కోటు మీద రెండు లేబుళ్ళూ కుడతాయి, అదీ పది తేడాతోనే. అందుకే మావాడికి సరిపడే 54 మీద 44 అని ఉంటుంది. "నాది 42 కదా, 44 ఎందుకు?" అని అతను చాలాసేపు ఒప్పుకోలేదు. లేబుల్ మీది అంగుళాలని నమ్మకండి. సైట్లో `Brustumfang` అని ఉన్న చోట సెంటీమీటర్లు ఇస్తారు, ఆ వరుసలో మీ ఛాతీ ఎక్కడ పడుతుందో చూసి దానికి ఎదురుగా ఉన్న సైజే తీసుకోండి.

ఈ పట్టికంతా మీరు కొలిచే తీరు మీద ఆధారపడి ఉంటుంది. పల్చటి బనియన్ మీద, చంకల కిందుగా, ఛాతీ బాగా నిండుగా ఉన్న చోట టేపు చుట్టండి. వీపు వెనక టేపు జారిపోకుండా నేలకి సమానంగా ఉండాలి కాబట్టి ఇంకొకరి సాయం తీసుకోండి. చేతులు కిందకి దించి, మామూలుగా ఊపిరి తీస్తూ నిలబడండి, ఛాతీ ఉబ్బించకండి. టేపుకి ఒక వైపు అంగుళాలు, రెండో వైపు సెంటీమీటర్లు ఉంటాయి, సెంటీమీటర్ల వైపే చదవండి. ఊళ్ళో టైలర్ పుస్తకంలో ఉన్న మీ పాత కొలతని తెచ్చి ఇక్కడ వాడకండి. కొందరు టైలర్లు లూజు కలిపి రాసుకుంటారు.

ఈ లూజు గురించి ఇంకో మాట. సైజు పట్టికలో ఉండే ఛాతీ సాధారణంగా మీ ఒంటిది, బట్టది కాదు. మీకు బాగా కుదిరిన బ్లేజర్‌ని గుండీ పెట్టి బల్ల మీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి రెండింతలు చేస్తే అది ఒంటి కొలత కంటే 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎక్కువే ఉంటుంది. ఆ అంకెతో పట్టిక చూస్తే రెండు సైజులు పెద్దది కొనేస్తారు. చలికోటు విషయంలో ఇదే ఇంకోలా జరుగుతుంది. లోపల స్వెటర్ వేసుకుంటాం కదా అని స్వెటర్ మీద కొలిచి, ఆపైన ఒక సైజు పెంచుతారు. స్వెటర్‌కి కావలసిన చోటు కోటు కుట్టేవాళ్ళు ముందే వదులుతారు. ఒంటి కొలతతోనే కొనండి.

ఆడవాళ్ళు మాత్రం ఈ సగం లెక్క వాడకూడదు. వాళ్ళ జర్మన్ సైజు ఛాతీలో సగం తీసి, అందులోంచి ఇంకో 6 తీసేస్తే వస్తుంది. 88 సెంటీమీటర్లకి 38. అదే డ్రెస్సు ఫ్రాన్స్ సైట్లో 40, ఇటలీ సైట్లో 44. కుర్తీ మీద 38 అని ఉందని ఇక్కడ 38 కొంటే చాలామందికి బిగుతే అవుతుంది, ఎందుకంటే కుర్తీ మీది 38 అంగుళాలు.

ఇక మావాడి సంగతి. 52 వాపసు చేయడానికి ఇబ్బందేమీ రాలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోలుకి సరుకు చేతికొచ్చిన రోజు నుంచి 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. తిరిగి పంపే ఖర్చు కొన్ని దుకాణాలు భరిస్తాయి, కొన్ని మన మీద వేస్తాయి, అది ఆర్డర్‌కి ముందే చూసుకోవాలి. మన కొలతలకి ప్రత్యేకంగా కుట్టించుకున్న దానికి ఈ హక్కు ఉండదు. తర్వాత తెప్పించిన 54 ఛాతీకి చక్కగా కుదిరింది కానీ, అతని ఎత్తు 168 సెంటీమీటర్లు, చేతులు బొటనవేలు మధ్య దాకా దిగాయి. 54లో సగం 27 కదా, పొట్టివాళ్ళ సైజుల్లో అదే ఛాతీకి ఇచ్చే అంకె అది. చేతులూ పొడుగూ తగ్గించి కుడతారు. దాన్ని తెప్పించాం. షర్టు కఫ్ వేలి వెడల్పున బయటకి కనిపించింది, గుండీ దగ్గర ఒక్క ముడత లేదు. ఆ సూటుతోనే ఇంటర్వ్యూకి వెళ్ళాడు.