యార్డు ధరలు ఆపి ఆకు ముడత గురించి రాయండి

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. జనవరి నుంచి మిర్చి మీద తెలుగులో బ్లాగ్ నడుపుతున్నాను. రోజూ యార్డు ధరలు పెడుతున్నాను. 110 పోస్టులయ్యాయి. యాడ్‌సెన్స్ వచ్చింది గానీ ఇప్పటికి రెండు డాలర్లే. ఎక్కడ తప్పుతున్నాను? ఇంకెన్నాళ్లు ఆగాలి?

జవాబు: మిర్చి మంచి సబ్జెక్టే. చిక్కంతా ఆ ధరలతోనే. ఇవాళ్టి తేజ రేటు రేపు పొద్దునకి ఎవరికీ అక్కర్లేదు. పైగా అదే అంకెను పత్రికల సైట్లూ, టీవీ సైట్లూ మీకన్నా ముందే పెట్టేస్తాయి, గూగుల్ వాటినే పైన చూపిస్తుంది. అంటే మీరు రాసిన 110 పోస్టుల్లో ఒక్కొక్కదాని ఆయుష్షు ఒక్క రోజు.

ఏడాది తర్వాత కూడా జనం వెతికే మాట పట్టుకోండి. గూగుల్‌లో ‘మిర్చి ఆకు’ అని టైప్ చేసి, ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతికే మాటల నుంచి వచ్చినవే. ‘మిర్చి సాగు’ లాంటి కీవర్డ్ జోలికి వెళ్లొద్దు. అది కొట్టినవాడికి విత్తనం కావాలో, ఎరువు కావాలో మనకు తెలీదు. అదే ‘మిర్చిలో పై ముడత, కింద ముడత తేడా’ అని వెతికే రైతు చేను గట్టున నిలబడి, చేతిలో ఆకు పట్టుకుని ఉంటాడు. ఆకు పడవలా పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆ రెండు ఆకుల ఫొటోలు పక్కపక్కన పెట్టి రాస్తే అతనికి కావలసింది దొరికినట్టే. చాలామంది దీన్నే ఇంగ్లిష్ అక్షరాల్లో `mirchi aaku mudatha` అని కొడతారు కాబట్టి ఆ రూపాన్ని కూడా పోస్టులో ఒకచోట రాయండి.

రాసే ముందు ఆ మాటతోనే వెతికి మొదటి పేజీ చూడండి. అక్కడ రెండు పేరాల వార్తలూ, వీడియోలూ మాత్రమే ఉంటే మీకు చోటు ఉన్నట్టు. ఎవరో ఫొటోలతో సహా పూర్తిగా రాసేసి ఉంటే ఆ మాట వదిలేసి ఇంకోటి చూసుకోండి. ఏ మాటను ఎంతమంది వెతుకుతున్నారో చెప్పే గూగుల్ టూల్ `Keyword Planner` ఇలాంటి తెలుగు మాటలకు చాలాసార్లు ఖాళీయే చూపిస్తుంది. దాన్ని చూసి నీరసపడొద్దు.

ముడత చుట్టూ ఓ పన్నెండు పోస్టులు చాలు: నల్ల తామర పురుగును పూలలో గుర్తుపట్టడం, నారుమడిలో ముడత, వైరస్ ముడతకీ పురుగు ముడతకీ తేడా, ఇలా. ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు ఇవ్వండి. మందు మోతాదు మాత్రం సొంతంగా రాయొద్దు. లాం పరిశోధన కేంద్రం సిఫార్సు ఏముందో చూసి అదే పెట్టండి. అక్కడ మీ తప్పుకు రైతు పంట పోతుంది.

ఎప్పుడు రాయాలన్నది ఇంకా ముఖ్యం. నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి, ముడత గొడవ ఆ తర్వాతే. పోస్టు అక్టోబరులో పెడితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. జూన్ కల్లా పెట్టేయండి. కొత్త సైటును గూగుల్ నమ్మడానికి టైం పడుతుంది. ఈ పనికి ఫలితం కనబడాలంటే నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లే ఒకప్పుడు చెప్పారు.

ఈలోగా ఆదాయం పేజీ చూస్తూ టెన్షన్ పడకుండా, మీ సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా ఉందో చూపే `Search Console`ను వారానికోసారి తెరవండి. పోస్టు పక్కన `Discovered - currently not indexed` అని ఉంటే గూగుల్ దాన్ని ఇంకా చదవనే లేదని అర్థం. పాత పోస్టుల నుంచి దానికి లింకులివ్వండి. ఇండెక్స్ అయ్యాక `Impressions`, అంటే మీ పోస్టు వెతికినవాళ్లకు కనబడిన సార్లు, పెరుగుతూ, క్లిక్కులు రాకుండా, `Position` 15 దగ్గర ఆగిందనుకోండి. మీరు రెండో పేజీలో ఉన్నారన్నమాట. అప్పుడు కొత్త పోస్టు మొదలుపెట్టకండి. `Queries`లో జనం ఏ మాటతో వచ్చారో చూసి, దానికి జవాబు అదే పోస్టులో చేర్చండి. మూడు నెలలైనా `Impressions` కూడా సున్నాలోనే ఉంటే మాట ఎంపికే తప్పు.

ఇక డబ్బు లెక్క. వెయ్యి వ్యూలకు ఒక డాలర్ అనుకుందాం. తెలుగు పేజీకి అంతకన్నా తక్కువ కూడా రావచ్చు. యాడ్‌సెన్స్ 100 డాలర్లు చేరితేగానీ డబ్బు పంపదు, అంటే లక్ష వ్యూలు. పన్నెండు పోస్టులకూ కలిపి రోజుకు 300 మంది వచ్చినా అది దాదాపు పదకొండు నెలల పని. అందుకే నా అంచనా, ఈ సీజన్‌లో మీకు వచ్చేది అంకెలే. చెప్పుకోదగ్గ డబ్బు వస్తే పై ఏడాది సీజన్‌లోనే. ఉద్యోగం మానేసే ఆలోచన ఉంటే దయచేసి ఆపండి.

ఇంకో మాట, ఖాతాలో 10 డాలర్లు దాటాక యాడ్‌సెన్స్ మీ చిరునామాకు పోస్టులో పిన్ పంపుతుంది. అది ఎంటర్ చేయకపోతే చెల్లింపు ఆగిపోతుంది. అద్దె ఇల్లు మారితే ఖాతాలో చిరునామా ముందే మార్చుకోండి.