ఐరిష్ పరీల గురించి ఒక యువ రచయిత్రికి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ విషయంలో నీకు నేను చెప్పేదేమీ లేదు. నా అభ్యంతరమంతా పరీల మీదే. కథ ఐర్లండులో పెట్టావు, పరీలకేమో రెక్కలు తొడిగి పూలమీద కూర్చోబెట్టావు. ఆ చిట్టి పరీలు ఇంగ్లండు నాటకాల్లోంచి, ఆ తర్వాతి బొమ్మల పుస్తకాల్లోంచి వచ్చినవి. పాత ఐరిష్ కథల్లో ఉండే షీ జనం మనుషులంత ఎత్తుంటారు. మట్టిదిబ్బల కింద ఇళ్ళూ, పశువులూ, రాజులూ ఉన్నవాళ్ళు. వాళ్ళను చూసి మనుషులు ఎందుకు భయపడ్డారో తెలియకుండా నీ కథ నిలబడదు.

ముందు పంటా పాడీ సంగతి. 12వ శతాబ్దపు లైన్‌స్టర్ గ్రంథంలో ఒక చిన్న కథ ఉంది. మనుషులైన మీల్ కొడుకులు ఐర్లండును గెలుచుకున్నాక, ఓడిన తూఅహ డే డానన్ వాళ్ళు, అంటే ఈ షీ జనమే, భూమి కిందికి వెళ్ళారు. గెలిచినవాళ్ళకు మాత్రం ధాన్యం దక్కలేదు, పాలు దక్కలేదు. రెండిటినీ కిందివాళ్ళు పాడుచేశారు. చివరికి వాళ్ళ పెద్ద డాగ్డాతో ఒప్పందం చేసుకున్నాకే గింజా పాలూ చేతికొచ్చాయి. అంటే పైనున్నవాళ్ళు తినే తిండి కిందివాళ్ళతో రాజీ మీద ఆధారపడి ఉంది. భయానికి మూలం ఇదే.

ఆ కథలోనే డాగ్డా దిబ్బలన్నీ తనవాళ్ళకు పంచేశాక అతని కొడుకు ఏంగస్ వస్తాడు. తనకేమీ మిగల్లేదు కాబట్టి, డాగ్డా ఉంటున్న బోయిన్ నది ఒడ్డు దిబ్బను ఒక పగలూ ఒక రాత్రీ ఇమ్మంటాడు. ఇప్పుడు న్యూగ్రేంజ్ ఉన్న చోటు అదే. గడువు తీరి ఖాళీ చెయ్యమంటే, లోకమంతా పగలూ రాత్రే కదా, నాకిచ్చింది అదే కదా అని అక్కడే ఉండిపోతాడు. వీళ్ళు అబద్ధమాడనక్కర్లేదు. మన నోట జారిన మాటనే పట్టుకుంటారు.

ఇక నేరా కథ. దీన్ని తీరిగ్గా చదువు. సావిన్ పండుగ రాత్రి, అంటే చలికాలం మొదలయ్యే రాత్రి, క్రూఖన్ కోటలో ఆలిల్ రాజూ మేవ్ రాణీ ఉన్నారు. బయట ఉరికొయ్యకు ఇద్దరు ఖైదీలు వేలాడుతున్నారు. వాళ్ళలో ఒకడి కాలికి మెలిపెట్టిన లేతకొమ్మ కట్టి వచ్చినవాడికి బహుమానమని రాజు అంటాడు. నేరా వెళ్తాడు. మూడుసార్లు కట్టు ఊడిపోతే, దానికి మేకు వెయ్యమని శవమే చెబుతుంది. తర్వాత దాహమంటుంది. నేరా దాన్ని వీపున మోసుకెళ్తాడు. మొదటి ఇంటివాళ్ళు పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పి పడుకున్నారు, కాబట్టి ఆ ఇంటి చుట్టూ మంట కనిపిస్తుంది, శవం లోపలికి పోలేదు. రెండో ఇంట్లో వాడిన నీళ్ళు పారబోశారు, దాని చుట్టూ చెరువు. మూడో ఇంట్లో మురికినీళ్ళు అలాగే ఉంచారు. శవం అక్కడ తాగి, చివరి గుక్క నిద్రపోతున్నవాళ్ళ మొహాన ఉమ్ముతుంది. అందరూ చచ్చిపోతారు.

శవం షీ జనంలోది కాదు, నిజమే. అయినా ఆ రాత్రి ఎలా పనిచేస్తుందో ఇక్కడ తెలుస్తుంది. చచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒక ఇంటిపని మరిచారు, అంతే. నీ కథలో పరీ చెడ్డవాణ్ణి శిక్షించి మంచివాణ్ణి కాపాడుతోంది. ఐరిష్ లెక్క అది కాదు. నియమం ఉంటుంది, తప్పినవాడికి అది తెలియకపోవచ్చు. మనకు నిలకడలేనితనంగా కనిపించేది ఇదే.

నేరా తిరిగొచ్చేసరికి కోట తగలబడి ఉంది, తనవాళ్ళ తలలు కుప్పగా పడి ఉన్నాయి. దాడిచేసి వెళ్తున్న షీ సైన్యం వెనకే క్రూఖన్ గుహలోకి దిగుతాడు. (గుహ ఇప్పటికీ రాస్‌కామన్ జిల్లాలో ఉంది.) లోపలి రాజు అతన్ని చంపడు. ఒక స్త్రీ ఇంటికి పంపి, రోజూ కట్టెలమోపు తెమ్మంటాడు. ఆమే నిజం చెబుతుంది: నువ్వు చూసింది ఇంకా జరగలేదు, మీవాళ్ళను హెచ్చరించకపోతే వచ్చే సావిన్‌కు జరుగుతుంది. లోపల అంత జరిగినా, పైన మీవాళ్ళు ఇంకా అదే కాగు చుట్టూ కూర్చుని ఉన్నారు. నమ్మించడానికి నేరా వేసవి మొక్కలు పట్టుకెళ్తాడు: అడవి వెల్లుల్లి, ప్రిమ్‌రోజ్, బంగారువన్నె ఫెర్న్. చివరికి పైవాళ్ళే దిగివచ్చి దిబ్బను కొల్లగొడతారు. నేరా మాత్రం లోపలే, తన కుటుంబంతో, ప్రళయందాకా.

ఆమె అతనికి కీడు తలపెట్టలేదు, చెప్పిందంతా నిజం. అయినా అతను మనుషుల్లోకి తిరిగి రాలేదు. కోరలూ రక్తమూ పెట్టేకన్నా ఈ దయను రాయడం చాలా కష్టం, ఆ కష్టం నువ్వు పడాలి.

రెండో అధ్యాయంలో పరీ పిల్లాడికి వరమిచ్చే ఘట్టం తిరగరాయి. రెక్కలు తీసెయ్. పిల్లాడు ఏ మాటలతో అడిగాడో అక్షరాలా పెట్టు, ఆ మాటల్లో ఎక్కడ సందు ఉందో నువ్వు ముందే తేల్చుకో. ఆ ఏడు వాళ్ళింట్లో ఆవు ఎన్ని పాలిస్తోందో కూడా రాయి, మూడో అధ్యాయంలో నీకు అది కావాలి. తిరగరాసిన ప్రతి పంపించు.

ఆశీస్సులతో.